గుట్ట కింది ఊళ్ళు, వరదలు, విరిగిపడే చరియలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ములుగు, భూపాలపల్లి, వరంగల్, మహబూబాబాద్, నిర్మల్ జిల్లాల్లో గుట్టల కింద ఇల్లు, చెలక, కుంట ఉన్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. లెక్కలు అవసరమైన చోట ఒకే గుట్టను ఉదాహరణగా తీసుకున్నాం. దాని మీద పడిన వాన 100 ఎకరాల (సుమారు 40 హెక్టార్లు) మేర నుంచి ఒకే ఒర్రెలోకి చేరుతుంది. ఆ ఒర్రె ఒక రోడ్డు దాటి చిన్న కుంటలో కలుస్తుంది.

2023లో లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 650 మిల్లీమీటర్లు పడింది. అయినా గుట్టలు వయనాడ్‌లో లాగా ఎందుకు కూలలేదు?

వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో 649.8 మి.మీ. నమోదైంది. వయనాడ్‌లో 2024 జులై 30 తెల్లవారుజామున ముండక్కై, చూరల్‌మల ఊళ్ళ మీదికి కొండ వచ్చి పడే ముందు రెండు రోజుల్లో పడింది దాదాపు 570 మి.మీ. అంటే వాన మన దగ్గరే ఎక్కువ. తేడా నేలలో ఉంది.

చరియ జారాలంటే రెండు కావాలి: నిటారు వాలు, దాని మీద లోతైన మెత్తటి మట్టి. మట్టి రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుని ఉంటాయి. ఈ పట్టుకు ఒక హద్దు కోణం ఉంటుంది. జిగట లేని ఇసుక మొరానికి అది ఇంచుమించు 32 డిగ్రీలు. పొడిగా ఉన్నంతవరకు అంతకంటే తక్కువ వాలు నిలబడుతుంది. నీరు పొర మొత్తం నిండి వాలు వెంబడి కిందికి పారుతుంటే, ఆ నీటి ఒత్తిడి రేణువులను విడదీస్తుంది, పట్టు దాదాపు సగమవుతుంది. అప్పుడు అదే మట్టి 17 డిగ్రీల వాలు మీద కూడా జారడానికి సిద్ధంగా ఉంటుంది. ఎండాకాలమంతా కదలని గుట్ట వానాకాలంలో జారడానికి కారణం ఇదే. బరువు పెరగడం కంటే లోపలి నీటి ఒత్తిడే అసలు దోషి.

వయనాడ్‌లో వాలు నిటారు, మట్టి లోతు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల ప్రకారం, చరియ సముద్రమట్టానికి 1,550 మీటర్ల ఎత్తున ఊడి, సుమారు 8 కిలోమీటర్లు పారింది. మన గుట్టల్లో చాలా వాటి మీద మట్టి పొర పలచన, కింద బండ. జారడానికి అంత మట్టి లేదు. కానీ అదే పలచని పొర నీటిని పట్టుకోలేదు. అందుకే అక్కడ కొండ కూలిన వానకు ఇక్కడ వాగు పొంగుతుంది. ఆ జులై 27నే మోరంచపల్లిలో జనం ఇళ్ళ కప్పుల మీదికి ఎక్కాల్సి వచ్చింది, జంపన్న వాగు కొండాయి ఊరిని ముంచి ప్రాణాలు తీసింది.

అంటే మన దగ్గర చరియల భయం లేనట్టేనా?

సహజమైన గుట్టకు తక్కువే. మనుషులు కోసిన గుట్టకు మాత్రం ఉంది.

మొదటిది మొరం తవ్వకాలు. గుట్ట అడుగున జేసీబీతో ఐదారు మీటర్ల ఎత్తు గోడలాగా నిటారుగా కోసి వదిలేస్తారు. గుట్టకు కింది భాగమే ఊతం, దాన్నే తీసేస్తున్నాం. ఎండాకాలంలో ఆ గోడ నిలబడే ఉంటుంది, చూసినవాళ్ళకు గట్టిదనిపిస్తుంది. అది తడి ఆరినప్పటి జిగట మాత్రమే, రెండు ముసురు వానలకు పోతుంది. గనుల నిబంధనల ప్రకారం మొరం, మట్టి, గరుసు నేలల్లో తవ్వకం అంచు 45 డిగ్రీలు మించకూడదు. లేదంటే మెట్లుగా కోయాలి, ఒక్కో మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. మీ ఊరి గుట్టకు పోయి చూడండి, ఈ నిబంధన ఎంతవరకు నడుస్తున్నదో కంటికే కనబడుతుంది.

రెండోది ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి దిబ్బలు. ఇవి వదులుగా పోసిన కొండలు. బొగ్గు గనుల నిబంధనల్లో వీటి వాలు 37.5 డిగ్రీలు మించకూడదని, దిబ్బ అడుగు రోడ్డుకు, ఇళ్ళకు 100 మీటర్లలోపు రాకూడదని ఉంది. మూడోది గ్రానైట్ గుట్టల మీది గుండ్లు. వాటి కింది మట్టి కోసుకుపోయినా, పక్కన క్వారీ పేలుళ్ళు జరిగినా పట్టు తప్పి దొర్లుతాయి. వరంగల్, హనుమకొండ చుట్టూ గుట్ట అంచులకు ఆనుకుని ఇల్లు కట్టుకున్నవాళ్ళు చూడాల్సింది ఈ గుండ్లనే.

గుట్టల దగ్గర వరద అంత తొందరగా ఎందుకొస్తుంది?

వాలు వల్ల. కిలోమీటరు పొడవున్న ఒర్రెకు నూటికి 10 వాలు ఉంటే పైచివర పడిన చినుకు కిందికి రావడానికి పది నిమిషాలు చాలు. అదే పొడవుకు నూటికి 1 వాలు ఉంటే 23 నిమిషాలు పడుతుంది. పది నిమిషాలంటే గుట్ట మొత్తం మీది నీరు ఒకేసారి కింద చేరిందని అర్థం. పైన నాలుగు ఒర్రెలు ఒకే వాగులో కలిస్తే, నాలుగింటి ఉధృతీ ఇంచుమించు ఒకే సమయంలో వచ్చి పడుతుంది. మీ ఊళ్ళో చినుకు లేకపోయినా వాగు పొంగడానికి కారణం కూడా ఇదే: వాన పైన పడింది.

గుట్ట మీద చెట్లు కొట్టి పత్తి పెడితే వరద ఎంత పెరుగుతుంది?

చిన్న విస్తీర్ణం నుంచి పారే నీటికి ఇంజనీర్లు వాడే సూత్రం తేలికైనదే:

Q = C × I × A ÷ 360

ఇందులో A అంటే హెక్టార్లు, I అంటే గంటకు ఎన్ని మిల్లీమీటర్ల లెక్కన వాన పడుతోంది, C అంటే పడిన దాంట్లో పారేది ఎంత వంతు. వచ్చే Q సెకనుకు ఘనపు మీటర్లలో ఉంటుంది, దాన్ని 35తో గుణిస్తే క్యూసెక్కులు.

మన గుట్ట 40 హెక్టార్లు. గంటకు 75 మి.మీ. లెక్కన కొట్టే వాన మనకు కొత్త కాదు. ఆకులు రాలి మెత్తగా ఉన్న అడవికి C సుమారు 0.3. లెక్క వేస్తే సెకనుకు 2.5 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 90 క్యూసెక్కులు. అదే గుట్టను చదును చేసి వాలు వెంబడి పై నుంచి కిందికి సాళ్ళు తోలి పత్తి పెడితే C 0.6 దాకా పోతుంది. ఒర్రెలో నీరు 180 క్యూసెక్కులు. వాన మారలేదు, ఒర్రె మారలేదు, నీరు రెట్టింపైంది. వాలు వెంబడి వేసిన ప్రతి సాలూ ఒక చిన్న కాలువే.

ఇంకో నష్టం ఆలస్యంగా కనబడుతుంది. కొట్టిన చెట్టు వేర్లు వెంటనే పోవు, కొన్నేళ్ళపాటు మట్టిని పట్టుకునే ఉంటాయి. అవి కుళ్ళిన తర్వాత, కొత్త చెట్ల వేర్లు ఇంకా దిగకముందు, వాలు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. ‘చెట్లు కొట్టి నాలుగేళ్ళైంది, ఏమీ కాలేదు కదా’ అనే మాట అందుకే నమ్మదగింది కాదు.

అడవి ఉంటే వరద రాదా?

వస్తుంది. అడవి మామూలు గట్టివానను మింగుతుంది. రెండు మూడు రోజుల ముసురుతో నేల నిండిపోయిన తర్వాత 650 మి.మీ. వాన వస్తే అడవికీ చెలకకూ నీటి విషయంలో తేడా బాగా తగ్గిపోతుంది, C ఎక్కడైనా 0.85 దాకా పోతుంది. అదే గంటకు 75 మి.మీ. లెక్కన చూసినా మన గుట్టకు అప్పుడు 250 క్యూసెక్కులు. అలాంటి రోజున అడవి చేసే మేలు మట్టిని ఆపడం. మట్టి, కొమ్మలు, రాళ్ళు కలిసిన నీరు తూములనూ, మోరీలనూ మూసేస్తుంది. ఉత్త నీరు అలా మూయదు.

రోడ్డు మోరీ దగ్గరే ఎప్పుడూ కోసుకుపోతుంది, ఎందుకు?

ఎక్కువసార్లు మోరీ గొట్టం చాలదు. 900 మి.మీ. సిమెంటు గొట్టం నిండుగా పారితే దాటించేది సుమారు 60 క్యూసెక్కులు. మన ఒర్రెకు అలాంటివి రెండు వేశారనుకుందాం: 120. అడవి ఉన్నప్పటి 90కి అవి చాలు. గుట్ట చెలకైన తర్వాత 180 వస్తే చాలవు. మిగిలిన 60 క్యూసెక్కులు రోడ్డుకు ఎగువన చెరువులా నిలుస్తాయి, రోడ్డు కట్టగా మారుతుంది. కానీ రోడ్డు మట్టిని కట్ట మట్టిలా తొక్కించి ఉండరు. నీరు పైనుంచి పొర్లిన చోట దిగువ అంచు మొదట కోసుకుంటుంది, గంటలోపు రోడ్డు తెగుతుంది. ఆగిన నీరంతా ఒక్కసారిగా కిందికి పోతుంది, అది అసలు వరద కంటే పెద్దది.

2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. నీటికి అడ్డంగా ఉన్న ఏ ఎత్తైన కట్టకైనా, రోడ్డుదైనా రైలుదైనా, ఈ ప్రమాదం ఉంటుంది.

గ్రామ పంచాయతీలు చేయగలిగినవి రెండున్నాయి. కొత్త రోడ్డు వేసేటప్పుడు ఎగువ మేర ఎన్ని ఎకరాలో, అందులో అడవి ఎంతో అడిగి గొట్టాలు లెక్క కట్టించడం. రెండోది, రోడ్డులో ఒకచోట కావాలనే 30 సెంటీమీటర్ల పల్లం ఉంచి, అక్కడ రెండు వైపులా రాయి, కాంక్రీటు పరవడం. మోరీ చాలని రోజున నీరు ఆ పల్లం మీదుగా పోతుంది, రోడ్డు మిగులుతుంది.

మత్తడికి జాలీ కట్టినా, ఇసుక బస్తాలు వేసినా నష్టమేంటి? ఏటా వేస్తున్నాం, ఏమీ కాలేదు.

కుంట నిండిన తర్వాత దాని ప్రాణం మత్తడి మీదే ఉంటుంది. మన కుంటకు మత్తడి పొడవు 10 మీటర్లు, మత్తడి మీది నుంచి కట్ట తలం దాకా ఎత్తు 1 మీటరు అనుకుందాం. 180 క్యూసెక్కులు వస్తే మత్తడి మీద నీరు 44 సెంటీమీటర్ల ఎత్తున దూకుతుంది. కట్టకు ఇంకా 56 సెంటీమీటర్లు మిగిలే ఉంది, భయం లేదు.

నీళ్ళు ఇంకొంచెం నిలవాలని 30 సెంటీమీటర్ల బస్తాలు పేరిస్తే నీటిమట్టం 74కి చేరుతుంది. ఇప్పటికీ కట్ట నిలుస్తుంది, అందుకే ‘ఏమీ కాలేదు’ అంటారు. చేపలు పోకుండా జాలీ కూడా కట్టి, దానికి చెత్త, గుర్రపుడెక్క పట్టి సగం మత్తడి మూసుకుపోతే మిగిలింది 5 మీటర్ల పొడవే. అదే 180 క్యూసెక్కులు దాటాలంటే 70 సెంటీమీటర్లు ఎత్తు కావాలి, కింద బస్తాలు 30. మొత్తం ఒక మీటరు: నీరు కట్ట అంచుకు వచ్చేసింది. ట్రాక్టర్లు నడిచి కట్ట ఒకచోట 20 సెంటీమీటర్లు కుంగి ఉంటే అక్కడే పొర్లుతుంది, గండి అక్కడే.

గొలుసుకట్టులో ఒక కుంట తెగితే దాని నీరు కింది కుంట మీద పడుతుంది, దాని మత్తడి ఆ నీటికి కట్టింది కాదు. కాబట్టి జాలీ విషయం చేపల కాంట్రాక్టరుకూ ఒక ఊరికీ మధ్య వ్యవహారం కాదు, కింది ఊళ్ళన్నిటిదీ. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మత్తడి మీద బస్తాలు ఉండకూడదు. జాలీ తప్పదంటే మత్తడికి కొన్ని మీటర్లు ఎగువన, నీళ్ళలో, అర్ధచంద్రాకారంలో పొడవుగా కట్టాలి. అప్పుడు చెత్త పట్టినా నీటికి దారి ఎక్కువ ఉంటుంది. గట్టివాన హెచ్చరిక వస్తే విప్పేయాలి.

కట్టకు బుంగ పడితే ఏం చేయాలి?

ముందు నీటి రంగు చూడాలి. కట్ట దిగువన తేటనీరు ఊరుతుంటే కంగారు లేదు, కాపలా ఉంటే చాలు. మురికినీరు వస్తుంటే లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. గంటల్లో గండి కావచ్చు. అప్పుడు ముందు దిగువ ఇళ్ళను ఖాళీ చేయించాలి.

చాలామంది చేసే పొరపాటు, బయటికి వచ్చే రంధ్రాన్ని బంకమట్టితో గట్టిగా మూయడం. నీరు ఆగదు, పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటుంది. సరైన పని, ఆ రంధ్రం చుట్టూ ఇసుక బస్తాలతో మోకాలెత్తు బావిలాగా గుండ్రంగా పేర్చి, లోపల మొదట ఇసుక, దాని మీద కంకర పోయడం. నీరు రావాలి, మట్టి రాకూడదు. బావిలో నీరు నిండుతున్న కొద్దీ లోపలి నుంచి తోసే ఒత్తిడి తగ్గుతుంది. అదే సమయంలో నీటివైపు సుడి తిరిగే చోటు వెతికి తాడిపత్రి, బస్తాలు దించాలి, తూము పూర్తిగా తెరవాలి. పాత కట్టల్లో బుంగలు ఎక్కువగా తూము పక్కన, చచ్చిన చెట్టు వేర్ల వెంట పడతాయి. కట్ట మీది తుమ్మ మొక్కలను చిన్నప్పుడే పీకాలి. పెద్దయ్యాక కొట్టేస్తే వేర్లు కుళ్ళి గొట్టాలవుతాయి.

వాలు చెలక చేసేవాళ్ళు ఏం మార్చుకోవాలి?

అన్నిటికంటే ముందు సాళ్ళ దిశ. అడ్డం తోలాలి. కంటితో చూసి అడ్డం అనుకున్నది చాలాసార్లు వాలే. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి, నడుమ అడ్డుకర్ర బిగించి, పై ముడి నుంచి రాయి కట్టిన దారం వేలాడదీయండి. ఒకచోట నిలబెట్టి దారం అడ్డుకర్రను తాకిన చోట గుర్తు పెట్టండి, కాళ్ళు తారుమారు చేసి మళ్ళీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమి చోటే సమమట్టం. దాన్ని నడిపిస్తూ పోతూ, దారం నడిమి గుర్తుకు వచ్చిన ప్రతి చోటా ఒక మేకు కొడితే సమమట్టపు గీత వస్తుంది. మేస్త్రీల లెవెల్ పైపుతోనూ ఇదే పని అవుతుంది.

నూటికి 5 వాలున్న చెలకలో 20 మీటర్లకు ఒక గీత చాలు. అంటే గీతకూ గీతకూ మధ్య మీటరు ఎత్తు తేడా. ఆ గీత మీద వట్టివేరు పిలకలు 10–15 సెంటీమీటర్ల ఎడంతో ఒకే వరుసగా తొలకరిలో నాటాలి. ఖాళీలు వదిలితే నీరంతా ఆ ఖాళీలోంచే దూకి గుంత పెడుతుంది, కాబట్టి మొదటి ఏడాది చచ్చిన పిలకలను మళ్ళీ నాటాల్సిందే. ఒడ్డు వేస్తే దానికి రాళ్ళతో పేర్చిన నీటిదారి తప్పక ఉండాలి. దారిలేని ఒడ్డు మొదటి గట్టివానకే తెగుతుంది.

నిటారు భాగాన్ని, అంటే నూటికి 30కి పైన వాలున్న దాన్ని, దున్నకపోవడమే మేలు. వెదురు, సీతాఫలం, ఇప్ప, తునికి లాంటివి అక్కడ ఉంచి కింది సగం చెలక చేసుకుంటే, మన లెక్కలో నీరు 180 నుంచి 135 దగ్గరికి దిగుతుంది.

గుట్ట మీద కందకాలు తవ్వితే వరద ఆగుతుందా?

కొంత. అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు, 4 మీటర్ల పొడవు కందకం ఒక ఘనపు మీటరు నీరు పడుతుంది. 10 హెక్టార్లలో వెయ్యి కందకాలు తవ్వినా అది 10 మి.మీ. పారుడు నీటికి సమానం. మామూలు వానకు, భూగర్భ జలానికి, మొక్కలకు ఇది చాలా పని చేస్తుంది. 2023 నాటి వానకు లెక్కలోకి రాదు. ఉపాధి హామీ పనుల బోర్డుల మీద వరద నివారణ అని రాయడం కొంచెం ఎక్కువ.

ఒకచోట మాత్రం కందకాలు హాని చేస్తాయి: లోతైన మట్టి ఉన్న నిటారు వాలు మీద, మొరం కోత పైన. అక్కడ నీటిని లోపలికి ఇంకిస్తే జారుడుకు మనమే నీళ్ళు పోసినట్టు. అలాంటి చోట కోత అంచుకు పైన అడ్డంగా కాలువ తీసి, రాతితో పరిచి, నీటిని పక్క ఒర్రెలోకి తప్పించాలి.

ఒర్రెలో రాతి అడ్డుకట్టలు ఎంత దూరానికి ఒకటి?

కింది కట్ట తలం, పై కట్ట అడుగుతో సమానంగా ఉండాలి. ఎత్తును వాలుతో భాగిస్తే దూరం వస్తుంది: 75 సెంటీమీటర్ల కట్టకు, నూటికి 5 వాలులో 15 మీటర్లు. నడుమ భాగం పక్కల కంటే 20–30 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి, పెద్ద రాళ్ళు దిగువ వైపు రావాలి, రెండు చివరలూ ఒడ్డులోకి అర మీటరు దిగాలి. చివరలు దించకపోతే నీరు పక్కనుంచి కొత్త దారి తవ్వుతుంది. కొట్టుకుపోయిన కట్టల్లో ఎక్కువ వాటి కథ ఇదే. పెద్ద వాగులో వీటిని కట్టకూడదు, పది హెక్టార్లలోపు నీరు చేరే చిన్న పాయలకే ఇవి.

గుట్ట కింద ప్లాటు కొంటున్నాం. ఏం చూడాలి?

గుట్టకు ఎంత దూరమన్నది కాదు, ఒర్రె గీత మీద ఉన్నామా లేదా అన్నది. ఎనిమిది కిలోమీటర్లు పారిన వయనాడ్ చరియ వాగు దారినే వచ్చింది. గ్రామ నక్షలో ఒర్రె గుర్తు చూడండి, పాత పహాణీలో సర్వే నంబరు పక్కన శిఖం అని ఉందేమో చూడండి, ఇస్రో వాళ్ళ భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి గుట్ట మీది నుంచి గీతలు ఎటు దిగుతున్నాయో చూడండి. లేఅవుట్ చేసేవాళ్ళు ఒర్రెను పూడ్చి రోడ్డు వేసి ఉంటే ఎండాకాలంలో ఏమీ తెలియదు.

రాష్ట్ర భవన నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు, 10 మీటర్లకు పైబడిన వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువ వాటికి 2 మీటర్లు ఇల్లు కట్టకుండా వదలాలి. మా ఉద్దేశంలో గుట్ట నుంచి దిగే ఒర్రెకు ఆ 2 మీటర్లు చాలవు. పైన లెక్కగట్టిన 180 క్యూసెక్కులు మీటరున్నర వెడల్పు ఒర్రెలో పట్టేవి కావు.

వాన పడుతున్నప్పుడు ఏ గుర్తులు కనబడితే ఇల్లు వదలాలి?

కోత అంచుకు పైన నేల మీద వంకీ తిరిగిన పగుళ్ళు, ఒకే వైపు కొత్తగా వంగిన కరెంటు స్తంభాలు, చెట్లు, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, ఎన్నడూ లేని చోట బురద ఊట పుట్టడం. వీటిలో ఏది కనబడినా వాన తెరిపి ఇచ్చేదాకా ఆగొద్దు. వాన కొడుతూనే ఉండగా ఒర్రెలో నీరు ఉన్నట్టుండి తగ్గడం అన్నిటికంటే చెడ్డ గుర్తు: పైన ఎక్కడో మట్టి, మొద్దులు అడ్డం పడి నీరు ఆగింది. అది తెగినప్పుడు వచ్చేది మామూలు వరద కాదు. ఒర్రె వెంట కిందికి పరుగెత్తకుండా, ఒర్రెకు అడ్డంగా పక్క మెట్టకు ఎక్కాలి. చరియ పడిన తర్వాత వాన ఆగినా కనీసం ఒక పగలంతా దాని దగ్గరికి పోకూడదు, ఎందుకంటే లోపలి నీరు దిగడానికి వాన కంటే ఎక్కువ సమయం పడుతుంది, రెండో విడత అప్పుడే జారుతుంది.